మూడోసారి తేదీ మార్చమంటే: కుదరదని చెప్పి, మిద్దె పనివాళ్లు ఒకే ఒక్క చివరి తేదీ ఇవ్వడం ఎలా

తిరుపతిలో మిద్దె మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించుకోవాలని ఎండాకాలంలో ఎవరికీ గుర్తు రాదు. ఆగస్టులో నాలుగు జల్లులు పడి, పడగ్గది పైకప్పు మీద తడి మచ్చ కనబడగానే ఫోన్లు మొదలవుతాయి. అక్కణ్ణుంచి ఈశాన్య రుతుపవనాలు దిగేదాకా, అంటే దాదాపు అక్టోబరు మూడో వారం దాకా, చేతిలో ఉండేది రెండు నెలలే. వినాయక చవితి, మహాలయ పక్షం, బ్రహ్మోత్సవాలు, దసరా, దీపావళి అన్నీ ఆ రోజుల చుట్టుపక్కలే వస్తాయి. అందుకే ఈ పనిలో తేదీ మార్చమని అడగనివాళ్లు తక్కువ. ఒకసారి మార్చడం మర్యాద, రెండోసారి మార్చడం సర్దుబాటు. మూడోసారి మారిస్తే ఆ ఇంటి పని వానల్లోకి పోతుంది, మన వెనక వరసలో ఉన్న ఇంకో ఇంటి పనీ దాంతోపాటే పోతుంది.

ఇద్దరు ముగ్గురు కూలీలతో పనిచేసే చిన్న కాంట్రాక్టర్ ఆ మూడో అడుగుడికి ఏమని జవాబివ్వాలో ఒక ఉదాహరణతో చివరిదాకా చూద్దాం. 2025 క్యాలెండర్ తీసుకుందాం. ఎమ్మార్‌పల్లి వైపు 1,200 చదరపు అడుగుల మిద్దె. యజమాని ఉద్యోగం బెంగళూరులో, ఇంట్లో ఉండేది అత్తామామలు. చదరపు అడుగుకు ₹40 లెక్కన పని ₹48,000కు కుదిరింది, అడ్వాన్సు ₹10,000 ముట్టింది. మొదటి తేదీ ఆగస్టు 18, సోమవారం. దర్శనానికి చుట్టాలు వస్తున్నారని రెండు రోజుల ముందు మార్చారు. రెండో తేదీ సెప్టెంబరు 8. ముందురోజు రాత్రి పదింటికి, గ్రహణం పట్టింది, రేపటి నుంచి పెద్దల పక్షం, కొత్తగా పని మొదలుపెట్టొద్దంటున్నారని మెసేజ్ వచ్చింది. మూడో తేదీ సెప్టెంబరు 22. పంతొమ్మిదో తేదీ శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ఫోన్: బ్రహ్మోత్సవాలకు ఇల్లంతా జనం, దీపావళి అయ్యాక పెట్టుకుందాం.

ముందుగా, ఇది నిజంగా మూడోదేనా?

కాదనే ముందు పాత మెసేజ్‌లు తీసి, ఎవరు ఎప్పుడు మార్చారో తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటివాళ్లు మార్చినవే లెక్క. వాన పడి ఆగినవి, మన మేస్త్రీ రాక తప్పినవి, షాపులో సరుకు లేక జరిగినవి అందులో కలపకూడదు. కలిపామా, "ఆ రోజు మీ మనిషే కదా రానిది" అని ఒక్క మాటతో మన మాట మొత్తం తేలిపోతుంది. ఆ ఇంట్లో ఎవరైనా పోయి మైల పట్టి ఉంటే దాన్నీ లెక్కపెట్టకండి. పదకొండో రోజు, పన్నెండో రోజు కర్మలు జరిగే ఇంటికి చివరి తేదీ మెసేజ్ పంపడం తప్పు. వాళ్లను వదిలేసి, కర్మలు అయ్యాక మీరే ఫోన్ చేయాలి.

సెప్టెంబరు 8 విషయం కాస్త ఆలోచించదగ్గది. మహాలయ పక్షం ఎప్పుడు మొదలవుతుందో ఆగస్టులోనే పంచాంగంలో ఉంది. ఆ తేదీ ఇచ్చేటప్పుడు మనం చూడలేదు, వాళ్లూ చూడలేదు. కాబట్టి అది సగం మన తప్పు. లెక్కలోంచి తీసెయ్యనక్కర్లేదు, కానీ దాన్ని వాళ్ల నిర్లక్ష్యంగా ఎత్తిచూపే హక్కు మనకు లేదు. మెసేజ్‌లో ఆ తేదీని మామూలుగా ప్రస్తావించి ఊరుకోవడానికి కారణం ఇదే. ఇకమీదట తేదీ ఇచ్చేముందు గోడమీది క్యాలెండర్‌లో అమావాస్య, ఆషాఢం, పెద్దల పక్షం చూసి, "ఈ తేదీకి మీ ఇంట్లో పట్టింపు ఏమీ లేదు కదా" అని మొదటి రోజే అడిగితే రెండో మార్పు చాలా ఇళ్లలో రాదు.

చివరి తేదీని వెనక నుంచి లెక్కగట్టాలి

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మనసులో ఖాళీగా కనబడిన తేదీ ఒకటి చెప్పేస్తారు. ఇంటివాళ్లు "దానికి ఇంకో నాలుగు రోజులు కలపండి" అంటే జవాబు ఉండదు, ఎందుకంటే ఆ తేదీ ఎందుకు చివరిదో మనకే తెలియదు. పని తీరే చివరి తేదీని చెప్పాలి.

అక్టోబరు 20 దీపావళి. అప్పటికి వానలు పట్టుకుంటాయనే అనుకోవాలి. ఇప్పుడు వెనక్కి రండి. మిద్దె కడిగి, పాచి గీకి, నెర్రెలు తెరిచి నింపి, పిట్టగోడ కింద మూలల్లో గుండ్రంగా పట్టీ కట్టి, ప్రైమర్, ఆపైన రెండు కోట్లు వేయడానికి ముగ్గురు మనుషులకు నాలుగు రోజులు. తర్వాత కోటింగ్ గట్టిపడటానికి మరో నాలుగు రోజులు వదలాలి. ఇది సరుకును బట్టి మారుతుంది, బకెట్ మీద రాసి ఉంటుంది. ఆపైన ఔట్‌లెట్ పైపులు మూసి రెండు రోజులు నీళ్లు కట్టి, కింద తడి దిగుతోందా అని చూడాలి. మొత్తం పది రోజులు. ఈ ఊళ్లో సెప్టెంబరు, అక్టోబరు సాయంత్రాల్లో ఉరుములతో జల్లులు పడతాయి గనక నాలుగు రోజులు చేతిలో ఉంచుకోవాలి. ఇరవై నుంచి పద్నాలుగు రోజులు వెనక్కి వస్తే అక్టోబరు 6, సోమవారం. ఆ ఏడాది బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 2 దాకా, దసరా కూడా రెండో తేదీనే. వాళ్లు చెప్పిన కారణం ఆరో తేదీకి తీరిపోతుంది. పని తీరును బట్టీ, వాళ్ల ఇబ్బందిని బట్టీ, రెండు వైపులనుంచీ నిలబడే తేదీ అది ఒక్కటే. అందుకే ఒక్కటే ఇవ్వాలి.

రెండు తేదీలు ఇస్తే మర్యాదగా ఉంటుందనిపిస్తుంది. నిజానికి రెండు తేదీలు చూడగానే మనిషికి బేరం గుర్తొస్తుంది. "ఆరు గానీ తొమ్మిది గానీ" అంటే, "పదమూడైతే?" అని అడగడం సహజం. తప్పు అడిగినవాళ్లది కాదు, తలుపు తెరిచి పెట్టింది మనం.

ఆ తేదీ పంపేముందు ఇంకో పని ఉంది. మేస్త్రీకి ఫోన్ చేసి ఆరు నుంచి తొమ్మిది దాకా ముగ్గురూ ఖాయమేనా, దసరాకు ఊరెళ్లినవాళ్లు ఆదివారానికి వచ్చేస్తారా అని గట్టిగా అడగండి. చివరి తేదీ అని చెప్పి మనమే తప్పితే, ఇక ఆ ఇంటి ముందు మన మాట చెల్లదు.

ఫోన్‌లో అడిగితే ఫోన్‌లోనే తేల్చకండి

ఫోన్‌లో కాదనడం మనకు కష్టం. అవతల పెద్దవాళ్లుంటే మరీ కష్టం. నోరు తిరగక "సరే చూద్దాంలెండి" అంటాం. మన మనసులో ఆ "చూద్దాం" అంటే కుదరదని. వాళ్ల చెవికి మాత్రం ఒప్పుకున్నారని వినబడుతుంది. మూడోసారి అడిగినప్పుడు ఆ మాట నోట్లోంచి రానివ్వకూడదు. దాని బదులు ఇంత చెబితే చాలు: "సార్, ఇప్పుడు మాట ఇవ్వలేను. మనుషుల్ని, వానల్ని చూసుకుని సాయంత్రం ఏడు లోపల వాట్సాప్‌లో రాస్తాను. అదే ఖాయం." ఆ ఏడు లోపల కచ్చితంగా రాయండి. గడువు పాటించమని అడగబోయే మనిషి తన గడువు ముందు తాను పాటించాలి.

వాయిస్ మెసేజ్ వద్దు. దాన్ని ఇంట్లో ఇంకొకరికి చెప్పేటప్పుడు తేదీ మారిపోతుంది, మూడు రోజుల తర్వాత వెతికితే దొరకదు. రాతపూర్వకంగా, ఒకే మెసేజ్‌గా, యజమానికీ ఇంట్లో ఉండేవాళ్లకూ ఇద్దరికీ పంపండి. బెంగళూరులో ఉన్నాయనకు మాత్రమే పంపితే, ఆరో తేదీ ఉదయం గేటు దగ్గర మామగారు "మాకు ఎవరూ చెప్పలేదే" అంటారు. డబ్బు ఇచ్చేది ఒకరు, తాళం తీసేది ఇంకొకరు అయిన ఇళ్లు తిరుపతిలో చాలా ఉన్నాయి.

మెసేజ్

మామూలుగా పోయే మెసేజ్ ఇలా ఉంటుంది:

"సార్ దయచేసి ఏమీ అనుకోవద్దు, మాకు కూడా చాలా ఇబ్బందిగా ఉంది, ఇప్పటికే రెండుసార్లు మార్చాం, లేబర్ దొరకడం లేదు, వీలుంటే 6వ తేదీ పెట్టుకుందాం, లేదంటే మీ ఇష్టం, ఒకసారి చూసి చెప్పండి."

ఇందులో కాదన్న మాట ఎక్కడా లేదు. "వీలుంటే" అనగానే ఆరో తేదీ సలహా అయిపోయింది. "మీ ఇష్టం" అనగానే దీపావళి తర్వాత కూడా కుదురుతుందని ఒప్పుకున్నట్టయింది. "చూసి చెప్పండి" అన్నామే గానీ ఎప్పటిలోగా అనలేదు. "లేబర్ దొరకడం లేదు" అన్నది అబద్ధమైతే అది అన్నిటికంటే ప్రమాదం. అదే వారం పక్కవీధిలో మన మనుషులు పనిచేస్తూ కనబడితే, వానల గురించి చెప్పిన నిజం కూడా అబద్ధమే అనుకుంటారు.

దాని స్థానంలో ఇది పంపండి:

"నమస్తే సార్. ఎమ్మార్‌పల్లి ఇంటి మిద్దె పని గురించి రాస్తున్నాను. ఆగస్టు 18, సెప్టెంబరు 8 తేదీలను మీరు అడిగినప్పుడు మార్చాం. ఇప్పుడు 22 కూడా వద్దు, దీపావళి తర్వాత చేయమని అడిగారు.

దీపావళి తర్వాత చేయలేం సార్. అప్పటికి వానలు మొదలవుతాయి. తడి మిద్దె మీద వేస్తే కోటింగ్ పట్టదు, ఆ పనికి మేం గ్యారంటీ ఇవ్వలేం.

మీ ఇంట్లో చుట్టాలున్నారు గనక 22 వదిలేస్తున్నాం. అక్టోబరు 6, సోమవారం ఉదయం 7:30కి మొదలుపెట్టి 9వ తేదీ సాయంత్రానికి కోటింగ్ పూర్తి చేస్తాం. మీ పనికి మేం ఇవ్వగలిగిన చివరి తేదీ ఇదే. దీన్ని మళ్లీ మార్చడం కుదరదు. ఆ రోజు వాన పడితే మాత్రం, మిద్దె ఆరగానే మేమే వచ్చి మొదలుపెడతాం.

ఈ తేదీ సరే అయితే 21వ తేదీ ఆదివారం సాయంత్రం 6 లోపల 'అక్టోబరు 6 సరే' అని రాసి ₹5,000 పంపండి, అది బిల్లులో తగ్గిస్తాం. ఆ లోపల రాకపోతే బుకింగ్ రద్దు చేసి, 8వ తేదీన చెప్పిన ₹3,000 పోను మీ అడ్వాన్సులో ₹7,000 సోమవారం మీకు వేస్తాం."

వాక్యాల వరస మార్చకండి. ముందు జరిగింది, అది కూడా తేదీలే. "ఎన్నిసార్లు మారుస్తారు" అన్న మాట లేకుండా తేదీలే ఆ పని చేస్తాయి. చదివేవాళ్లకు కోపం రాకుండా లెక్క గుర్తొస్తుంది. తర్వాత ఒక చిన్న వాక్యంలో కాదనడం. అందులో "కానీ", "అయితే" ఉండకూడదు. ఆపైన ఒకే ఒక్క కారణం. రెండో కారణం చేరిస్తే వాళ్లు బలహీనమైనదాన్ని పట్టుకుని వాదిస్తారు. కూలీలు, ఇతర పార్టీలు, షాపు సరుకు, ఇవన్నీ నిజమే అయినా ఇక్కడ రాయకండి. వాన ఎవరి మాటా వినదు గనక దాని మీద బేరం ఉండదు.

కాదన్న వాక్యానికీ కొత్త తేదీకీ మధ్య మాట మారాలి. "22 వదిలేస్తున్నాం" అన్నది అందుకే. వాళ్ల ఇంట్లో జనం ఉన్నారన్నది మనం పట్టించుకున్నామని అక్కడ తెలుస్తుంది. పైగా ఆ తేదీని నిజంగానే వదిలేసినట్టు కూడా అవుతుంది, లేకపోతే ఆదివారం రాత్రి "సరే, రేపే రండి" అనే ప్రమాదం ఉంది. వదిలేసిన 22ను ఆ సాయంత్రమే వరసలో తర్వాతి ఇంటికి ఇచ్చేయండి.

తేదీతోపాటు వారం, గంట రెండూ రాయాలి. ఒక్క "6" అని రాస్తే ఆరో తేదీనా, సాయంత్రం ఆరింటికా అన్న గందరగోళం కూడా చూసిందే. వాన మాట మరవకూడదు. అది రాయకపోతే అక్టోబరు 6న జల్లు పడి మనం ఆగినప్పుడు, "మీరు మారిస్తే పర్లేదా" అన్న ప్రశ్న వస్తుంది. ముందే రాస్తే ఆ మార్పు మన మాటలోనే ఉన్నట్టు.

చివరికి ఒక మాట: ఈ మెసేజ్‌లో "క్షమించండి" లేదు. అది పొగరు కాదు. క్షమాపణ ఉంటే తప్పు మనదన్నట్టవుతుంది, తప్పు మనదైతే సర్దుకోవాల్సింది కూడా మనమే అన్నట్టవుతుంది. "నమస్తే సార్", పూర్తి వాక్యాలు, వాళ్ల ఇబ్బంది గుర్తించడం, అందులో మర్యాద సరిపడా ఉంది.

గడువు, డబ్బు

శుక్రవారం సాయంత్రం పంపిన మెసేజ్‌కు ఆదివారం సాయంత్రం గడువు. ఇంటివాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి రెండు రోజులు చాలు. వారం ఇస్తే ఆరో రోజు దాకా ఎవరూ మాట్లాడుకోరు. రెండు గంటలు ఇస్తే బెదిరించినట్టుంటుంది. గడువు ఆదివారమే ఎందుకంటే సోమవారం పొద్దున్నే అక్టోబరు 6 వారాన్ని ఇంకొకరికి ఇవ్వగలగాలి.

"సరే చెప్తాను", బొటనవేలి గుర్తు, నీలం టిక్కులు, వీటిలో ఏదీ ఒప్పుకోలు కాదు. తేదీని వాళ్ల చేత్తో రాయించడం, కొంత డబ్బు పంపించడం, రెండూ జరిగితేనే తేదీ ఖాయం. ₹48,000 పనిలో ₹5,000 పెద్ద మొత్తం కాదు. కానీ డబ్బు పంపే ముందు మనిషి క్యాలెండర్ చూసుకుంటాడు, ఇంట్లో అడుగుతాడు. మనకు కావాల్సింది అదే.

₹3,000 లెక్క విడిగా చెప్పాలి. సెప్టెంబరు 7 రాత్రి పదింటికి మార్చడంతో మర్నాడు ముగ్గురికీ వేరే పని దొరకలేదు. మేస్త్రీకి ₹1,000, ఇద్దరు హెల్పర్లకు ₹700 చొప్పున ₹1,400, బకెట్లు షాపుకు తిరిగి పంపిన ఆటోకు ₹600. ఆగస్టు 18 మార్పు రెండు రోజుల ముందు చెప్పారు, మనుషులు వేరేచోట పనికి వెళ్లారు, కాబట్టి దానికి పైసా వేయలేదు. ఈ ₹3,000 మాట సెప్టెంబరు 8నే, కొత్త తేదీ ఒప్పుకుంటూ రాసి ఉండాలి: "22కి వస్తాం సార్. ఈరోజు కూలి, ఆటో కలిపి ₹3,000 అయింది. 22న పని మొదలైతే అడగం, రద్దయితే అడ్వాన్సులో తగ్గిస్తాం." అప్పుడు చెప్పకుండా ఊరుకుని ఉంటే, ఇప్పుడు దాన్ని బయటికి తీయకండి. ఆ మొత్తం పోయిందనుకుని పదివేలూ తిరిగివ్వడమే మంచిది. చెప్పని ఖర్చు పట్టుకుంటే గొడవ మూడువేల కోసం మొదలై ఊరంతా పాకుతుంది.

అడ్వాన్సు మొత్తం మిగుల్చుకుంటామని రసీదు మీద అచ్చువేయించుకునేవాళ్లున్నారు. అది అనుకున్నంత గట్టిది కాదు. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం దక్కేది ఆ మొత్తానికి మించని, సబబైన పరిహారం మాత్రమే. కూలి చీటీ, ఆటో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ ఉంటే ₹3,000 సబబని చూపగలం. పదివేలు ఎలా పోయాయో చూపలేం.

తిరిగి ఫోన్ వస్తుంది

మెసేజ్ పోయిన గంటలో ఫోన్ రావడం దాదాపు ఖాయం. ఎత్తండి. ఎత్తకపోతే మెసేజ్ కోపంతో పంపారనుకుంటారు. ఫోన్‌లో కొత్త కారణం, కొత్త తేదీ, కొత్త రాయితీ ఏదీ పుట్టకూడదు. రాసిందే మెత్తగా చెప్పాలి.

మాట్లాడేది చాలాసార్లు ఇంట్లో ఉన్న పెద్దావిడ అయి ఉంటుంది.

"ఏం నాయనా, మా అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదన్నారంటనే?"

"కాదనలేదమ్మా, ఆరో తేదీ పెట్టినాం. ఆ పాటికి బ్రహ్మోత్సవాలు అయిపోతాయి, మీ చుట్టాలూ ఊరికి పోయింటారు."

"దీపావళి పోనిచ్చి చేస్తే ఏమయిపోతాది?"

"అప్పుడు వానలమ్మా. తడి మీద వేసింది నాలుగు నెలలకే పొరలు పొరలుగా లేస్తాది. మీ డబ్బూ పోతాది, మా పేరూ పోతాది. ఆరో తేదీ అయితే నేనే నిలబడి చేయిస్తా."

"ఒక్కసారికి సర్దుకోరాదా?"

"ఆరో తేదీకి సర్దుకున్నట్టేనమ్మా. ఆ తర్వాత నా చేతిలో లేదు. ఆదివారం సాయంత్రం లోపల అల్లుడుగారితో ఒక మాట రాయించండి."

ఇక్కడ "కాదనలేదమ్మా" అనడం వెనక్కి తగ్గడం కాదు, వెంటనే తేదీ చెప్పాం కాబట్టి. అదే మాట అని ఆగిపోతే మాత్రం ఆవిడ దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంటుంది. ఫోన్ పెట్టగానే ఒక్క వాక్యం రాసి పంపండి: "అమ్మగారితో మాట్లాడాను సార్. పని అక్టోబరు 6, సోమవారం. జవాబుకు గడువు 21వ తేదీ ఆదివారం సాయంత్రం 6. అదే ఖాయం."

వేరేవాళ్లు దీపావళి తర్వాత చేస్తామంటున్నారని యజమాని అనవచ్చు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడకండి. "అట్లైతే వాళ్లతో చేయించుకోండి సార్, ఆదివారం లోపల చెప్పేస్తే మీ డబ్బు వేసేస్తాం" అని, ఒక పరీక్ష చెప్పి వదిలేయండి. కోటింగ్ వేసేముందు మిద్దె మీద రెండడుగుల చదరం పాలిథీన్ కవరు పరిచి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, సాయంత్రం నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచమనండి. తీసినప్పుడు కవరు అడుగున నీటి బొట్లున్నా, కింద కాంక్రీటు నల్లబారి ఉన్నా మిద్దె లోపల ఇంకా తడి ఉన్నట్టే. పైకి ఎండినట్టు కనబడే మిద్దె కూడా వానల మధ్యలో ఈ పరీక్షలో తరచు ఓడిపోతుంది. ఆ తడి ఎండకు ఆవిరై పైకి తన్నినప్పుడే కోటింగ్ బుడగలు లేస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారినప్పటి వానలు చూసినవాళ్లకు ఆ నెలలో మిద్దె ఆరడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఒప్పుకుంటే

"అక్టోబరు 6 సరే" అని రాసి డబ్బు వేస్తే, ఆ సాయంత్రమే ఒక్క మెసేజ్: డబ్బు అందింది, ఆరో తేదీ 7:30, అంతకుముందు రోజుకి మిద్దె మీద పూలకుండీలు, పాత సామాను తీసి ఉంచాలి, పైకి నీళ్ల కుళాయి పనిచేయాలి. మధ్యలో రోజూ గుర్తుచేయొద్దు, మనకే అనుమానం ఉన్నట్టుంటుంది. నాలుగో తేదీ శనివారం ఒకసారి ఇంట్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, కుండీలు తీశారా అని అడగండి. తేదీ ఖాయమేనా అని అడగకండి. ఆ ప్రశ్న వేస్తే మనమే నాలుగో మార్పుకు పిలిచినట్టు. కుండీల గురించి అడిగితే జవాబులో సంగతి తెలిసిపోతుంది. "ఇంకా తీయలేదు, ఏమంటే..." అని సాగదీస్తే ఆదివారం మేస్త్రీని వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లి రండి.

ఒప్పుకోకపోతే, లేక ఆదివారం ఆరు దాటితే

ఆరున్నర దాకా ఆగండి. ఆ తర్వాత ఏడింటికి వచ్చిన "సరే"ని తీసుకోవాలా వద్దా అన్నది మన దగ్గర తేదీ ఇంకా ఖాళీగా ఉందా అన్నదాన్ని బట్టే. ఖాళీగా ఉంటే తీసుకోండి, గంట ఆలస్యానికి పట్టుదల పనికిరాదు. సోమవారం పొద్దున ఆ వారాన్ని ఇంకొకరికి ఇచ్చేశాక వస్తే మాత్రం తీసుకోవద్దు. రెండు ఇళ్లకూ ఒకే తేదీ ఇచ్చి ఒక ఇంట్లో సగం పని వదిలేయడం కంటే అది నయం.

సోమవారం ₹7,000 ముందు వేసి, తర్వాత మెసేజ్ పంపండి. వేస్తామని చెప్పి ఆలస్యం చేస్తే, ఇన్నాళ్లూ వాళ్ల వైపు ఉన్న తప్పు మన వైపుకు వస్తుంది.

"నమస్తే సార్. నిన్న సాయంత్రం 6 లోపల మీ నుంచి జవాబు రాలేదు గనక మిద్దె పని బుకింగ్ రద్దు చేశాం. అడ్వాన్సు ₹10,000లో సెప్టెంబరు 8 కూలి, ఆటో ₹3,000 పోను ₹7,000 ఇప్పుడే వేశాం, చూసుకోండి. కూలి చీటీ ఫోటో కింద పెట్టాను. వానలు తగ్గి మిద్దె ఆరాక, జనవరిలో చేయించుకోవాలంటే చెప్పండి, అప్పటి రేటుకు కొత్తగా రాసుకుందాం. ఈలోగా ఔట్‌లెట్ పైపుల్లో ఆకులు తీయించండి, నీళ్లు నిలవకపోతే కారడం కొంత తగ్గుతుంది."

జనవరి మాటలో తేదీ లేదని గమనించండి. తేదీ రాస్తే పాత బుకింగే ఇంకోసారి జరిగినట్టవుతుంది. ఆకుల సంగతి రాసింది ఆ ఇంటి పైకప్పు నవంబరులో నిజంగానే కారుతుంది గనక. ఔట్‌లెట్ మూతి దగ్గర గుప్పెడు చింతాకు చేరినా 1,200 అడుగుల మిద్దె మీద నీళ్లు చీలమండ దాకా నిలుస్తాయి.

ఇవన్నీ అయ్యాక, ఒప్పుకున్నవాళ్లే ఐదో తేదీ రాత్రి మళ్లీ ఫోన్ చేస్తే? ఇంట్లో చావో, ఆసుపత్రో అయితే మారు మాట్లాడకుండా ఆపండి, డబ్బు సంగతి తర్వాత. వేరే ఏదైనా అయితే ఇంకో తేదీ ఇవ్వకండి. "రేపు 7:30కి మనుషులు గేటు దగ్గర ఉంటారు సార్. తలుపు తీస్తే పని మొదలవుతుంది. తీయకపోతే రేపటి కూలి కూడా పోను మిగిలింది సాయంత్రం మీకు వేస్తాం." అంతే రాసి, పొద్దున మనుషుల్ని నిజంగానే పంపండి. ఏడున్నరకు మేస్త్రీ బకెట్లు దించి గేటు కొడితే, రాత్రి ఫోన్ చేసిన ఇళ్లలో చాలావరకు తలుపు తీస్తారు.